డాక్టరుగారి వాట్సాప్ జవాబు కూడా వైద్య రికార్డే

గుండెలో లోహపు వాల్వ్ అమర్చిన మనిషి జీవితాంతం రక్తాన్ని పల్చబరిచే మాత్ర వేసుకోవాలి. మన దగ్గర వాడేవాటిలో ఒకటి వార్ఫరిన్. మోతాదు కాస్త ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే వాల్వ్ మీద గడ్డ. అందుకని ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్ష చేయించుకుంటూ మోతాదు సవరించుకుంటూ ఉండాలి. ఎడమవైపు మైట్రల్ వాల్వ్ మార్చినవారికి ఆ అంకె మామూలుగా 2.5కూ 3.5కూ మధ్య ఉండాలంటారు. ఊళ్ళో ల్యాబ్‌లో పరీక్ష చేయించి, రిపోర్టు ఫోటో పట్నంలోని డాక్టరుకు వాట్సాప్ చేసి, ఆయన చెప్పిన మోతాదు వేసుకునే రోగులు మన రెండు రాష్ట్రాల్లోనూ కనిపిస్తారు. ప్రతిసారీ బస్సెక్కి పట్నం వెళ్ళి ఓపీలో కూర్చోవడం వాళ్ళవల్ల కాదు. ఈ పద్ధతిలో తప్పేమీ లేదు. తరువాత ఆ మెసేజ్‌లు ఏమవుతాయన్నదే ప్రశ్న.

ఒక ఉదాహరణ కల్పించుకుందాం. రోజుకు 4 మిల్లీగ్రాముల వార్ఫరిన్ వేసుకునే 58 ఏళ్ళ రోగి. పంటినొప్పికి ఊళ్ళో దంతవైద్యుడు 8వ తేదీన మెట్రోనిడజోల్ రాశారు. 10వ తేదీ రాత్రి రోగి కొడుకు ఆ మాత్రల షీటు ఫోటో తీసి గుండె డాక్టరుకు పంపాడు: “సార్, నాన్నగారికి ఇవి ఇచ్చారు, వాడొచ్చా?” ఆ రాత్రి జవాబు రాలేదు. 12న పరీక్ష చేయిస్తే ఐఎన్‌ఆర్ 5.2 వచ్చింది. మెట్రోనిడజోల్ వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచుతుంది కాబట్టి ఇది తెలిసిన చిక్కే. డాక్టరు రిపోర్టు చూసి, రక్తం ఎక్కడైనా పోతోందా అని అడిగి, లేదని తెలుసుకుని, వాయిస్ మెసేజ్ పెట్టారు: “ఇవాళ, రేపు మాత్ర వద్దండి. ఎల్లుండి నుంచి 3 మిల్లీగ్రాములు. శనివారం మళ్ళీ పరీక్ష చేయించి పంపండి.”

సలహా బాగానే ఉంది. చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. రెండు నెలల తరువాత ఈ రోగి మరో ఊళ్ళో మరో డాక్టరు దగ్గరికి వెళ్ళాడనుకోండి. ఆయనకు కనిపించేది “3 మిల్లీగ్రాములు” అన్న మోతాదు ఒక్కటే. అది పంటి మందు వల్ల తాత్కాలికంగా తగ్గించిందని చెప్పే ముక్క ఏ కాగితం మీదా లేదు. మెట్రోనిడజోల్ ఆపేశాక దాని ప్రభావం పోతుంది, వార్ఫరిన్ మళ్ళీ పెంచవలసి రావచ్చు. పెంచకపోతే అంకె 2.5 కిందకు దిగి వాల్వ్ మీద గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది. మోతాదు ఎందుకు మారిందన్నది రెండు ఫోటోల్లో, ఒక వాయిస్ మెసేజ్‌లో, ఒక ఫోన్‌లో ఉండిపోయింది. డాక్టర్ల చాట్‌లను దాచాలా వద్దా అన్న చర్చకు కోర్టు కేసుల కన్నా ముందు ఇదే అసలు కారణమని నా నమ్మకం.

చట్టం మాటకొస్తే, కరోనా లాక్‌డౌన్ మొదలైన రోజుల్లో, 2020 మార్చి 25న కేంద్ర ఆరోగ్య శాఖ టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. వీడియో, ఫోన్‌లతో పాటు వాట్సాప్ లాంటి చాట్‌లను కూడా అవి వైద్య సంప్రదింపుగా గుర్తించాయి. అదే నోట, ఆ సంభాషణ తాలూకు రికార్డును డాక్టరు భద్రపరచాలని కూడా చెప్పాయి. ఫోన్ లాగ్‌లు, ఈమెయిళ్ళు, చాట్ రికార్డులు అందులో పేరుపేరునా ఉన్నాయి. ఆ సలహాకు ఆధారమైన రిపోర్టులు, ఫోటోలు దాచాలి. మందులు రాసిస్తే ఆ చీటీ రికార్డును ఎదురుగా కూర్చున్న రోగికి రాసినప్పుడు ఎలా ఉంచుతారో అలాగే ఉంచాలి. కాబట్టి “వాట్సాప్‌లో ఊరికే ఒక మాట చెప్పాను, అది కన్సల్టేషన్ కాదు” అనడం కుదరదు. మోతాదు మార్చిన ప్రతి మెసేజూ వైద్యమే.

అయితే చాట్ అంతా కేస్ షీట్ అయిపోదు. ఇక్కడే చాలా క్లినిక్‌లు పొరబడతాయి. ఫోన్‌లో ఉంది కదా, కావలసినప్పుడు వెతుక్కోవచ్చు అనుకుంటాయి. రెండేళ్ళ చాట్‌లో పండగ శుభాకాంక్షలు, “డాక్టరుగారు ఇవాళ ఉన్నారా అమ్మా” అన్న ప్రశ్నలు, పొరపాటున వచ్చిన పెళ్ళి పత్రిక, వాటి మధ్య ఎక్కడో ఐఎన్‌ఆర్ 5.2 ఉంటుంది. వాయిస్ మెసేజ్ అయితే వెతికినా దొరకదు, వినాలి. అందుకే సలహా ఇచ్చిన రోజే దాని సారాన్ని కేస్ షీట్‌లోకి ఎక్కించాలి. పై ఉదాహరణకు ఆ ఎంట్రీ ఇంత ఉంటే చాలు:

“12-03-2025, రాత్రి 8:05, వాట్సాప్‌లో. పంపినది రోగి కొడుకు, తన నంబరు నుంచి. ఐఎన్‌ఆర్ 5.2, నేటి రిపోర్టు ఫోటో చూశాను. 8వ తేదీ నుంచి పంటికి మెట్రోనిడజోల్ వాడుతున్నారు. రక్తస్రావం లేదన్నారు. వార్ఫరిన్ 12, 13 తేదీల్లో ఆపి, 14 నుంచి 3 మి.గ్రా. వేసుకోమన్నాను. 15న ఐఎన్‌ఆర్. మెట్రోనిడజోల్ అయ్యాక మోతాదు మళ్ళీ చూడాలి.”

ఇది రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఎవరు పంపారో రాయడం ముఖ్యం, ఎందుకంటే మన ఇళ్ళలో పెద్దవాళ్ళ తరఫున పిల్లలే మెసేజ్ పెడతారు. “రక్తస్రావం లేదు” అన్నది డాక్టరు చూసి చెప్పింది కాదు, ఇంట్లోవాళ్ళు చెప్పింది. ఆ తేడా రికార్డులో కనిపించాలి. చివరి వాక్యం అన్నిటికన్నా విలువైనది. తరువాత వచ్చే డాక్టరుకు అదే దారి చూపిస్తుంది.

మరి కేస్ షీట్‌లో రాసుకున్నాక చాట్ ఎందుకు? కేస్ షీట్ డాక్టరు ఒక్కరే రాసుకునేది. చాట్‌లో రెండు పక్షాలూ ఉన్నాయి. 10వ తేదీ రాత్రి మాత్రల ఫోటో వచ్చిందనీ, దానికి ఆ రాత్రి జవాబు వెళ్ళలేదనీ చాట్ మాత్రమే చెబుతుంది. అది డాక్టరుకు ఇబ్బందికరమైన సాక్ష్యం కావచ్చు, రోగికి అవసరమైన సాక్ష్యం కావచ్చు. అందుకే ఏరి దాచడం పనికిరాదు, మొత్తం దాచాలి. పైగా రోగి ఫోన్‌లో రెండో కాపీ ఉండనే ఉంటుంది. డాక్టరు తన వైపు తీసేసినంత మాత్రాన అది పోదు. రెండు కాపీలూ సరిపోలకపోతే మిగిలేది అనుమానమే.

ఫోన్‌లోనే వదిలేస్తే చాట్ ఎన్ని రకాలుగా పోతుందో చూడండి. రెండు వైపుల్లో ఎవరైనా డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్ చేస్తే కొత్త మెసేజ్‌లు 24 గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో వాటంతటవే మాయమవుతాయి. పంపిన మెసేజ్‌ను 15 నిమిషాల లోపు దిద్దవచ్చు, సుమారు రెండు రోజుల వరకు అందరి ఫోన్ల నుంచీ తీసేయవచ్చు. ఒకసారి చూస్తే పోయే ఫోటోగా పంపిన రిపోర్టు మిగలదు. ఫోన్ నీళ్ళలో పడవచ్చు. వీటన్నిటికన్నా నేను ఎక్కువగా భయపడేది క్లినిక్ నంబరు రిసెప్షనిస్టు సొంత సిమ్ కావడం గురించి. ఆ అమ్మాయి ఉద్యోగం మానేసి వెళ్ళిన రోజున వందలమంది రోగుల రిపోర్టులు ఆమె ఫోన్‌తో పాటు బయటికి వెళ్ళిపోతాయి. ఆమె తప్పు ఏమీ లేదు. క్లినిక్ పేరు మీద ఒక సిమ్, క్లినిక్‌లోనే ఉండే ఒక ఫోన్, స్క్రీన్ లాక్, రెండంచెల పిన్ అన్నవి ముందు ఉండాలి. ఇవి లేకుండా ఎక్స్‌పోర్ట్ గురించి మాట్లాడటం వృథా.

గూగుల్ డ్రైవ్‌లో బ్యాకప్ ఉంది కదా అంటారు కొందరు. ఆ బ్యాకప్ కొత్త ఫోన్‌లో వాట్సాప్‌ను మళ్ళీ నిలబెట్టడానికి పనికొస్తుంది. ఒక రోగి తాలూకు సంభాషణను విడిగా తీసి చదవడానికి, ఫైల్‌లో పెట్టడానికి పనికిరాదు. పైగా సెట్టింగ్స్‌లో ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ప్రత్యేకంగా ఆన్ చేసుకుంటే తప్ప, చాట్‌కు ఉన్న ఆ రక్షణ బ్యాకప్‌కు ఉండదు. బ్యాకప్ ఉంచుకోండి, దాన్ని రికార్డు అనుకోకండి.

ఇక ఎక్స్‌పోర్ట్. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆ రోగి చాట్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, `More`, ఆపైన `Export chat` ఎంచుకోవాలి. ఐఫోన్‌లో పైన రోగి పేరు నొక్కి కిందికి వెళ్తే `Export Chat` ఉంటుంది. అప్పుడు ఫోన్ ఒక ప్రశ్న అడుగుతుంది: ఫోటోలు, ఆడియోలతో సహా కావాలా, వద్దా? ఫైల్ చిన్నదవుతుందని చాలామంది వద్దంటారు. అలా చేస్తే మన ఉదాహరణలో మిగిలేది ఇది:

```
10/03/25, 8:31 pm - Rao garu valve: <Media omitted>
12/03/25, 7:42 pm - Rao garu valve: <Media omitted>
12/03/25, 8:05 pm - Doctor: <Media omitted>
```

మాత్రల ఫోటో, రిపోర్టు, డాక్టరు మాట మూడూ పోయాయి. వైద్య చాట్‌లో ప్రాణమంతా ఫోటోల్లో, వాయిస్‌లో ఉంటుంది. కాబట్టి ఎప్పుడూ `Include media` అనే ఎంచుకోవాలి. అప్పుడు అవే వరుసలు ఫైళ్ళ పేర్లతో వస్తాయి:

```
12/03/25, 7:42 pm - Rao garu valve: IMG-20250312-WA0003.jpg (file attached)
12/03/25, 8:05 pm - Doctor: PTT-20250312-WA0004.opus (file attached)
```

ఇందులోనూ గమనించాల్సినవి ఉన్నాయి. ఫైల్‌లో రోగి ఫోన్ నంబరు కనిపించదు. మీరు ఏ పేరుతో సేవ్ చేసుకున్నారో ఆ పేరే వస్తుంది. “రావుగారు వాల్వ్” ఎవరో అయిదేళ్ళ తరువాత మీ క్లినిక్‌లోనే ఎవరికీ తెలియకపోవచ్చు. అందుకని కేస్ షీట్ నంబరును, రోగి ఫోన్ నంబరును ఆ ఫైల్‌తో పాటు ఉంచే చిన్న నోట్‌లో రాయాలి. తేదీల తీరు ఫోన్ సెట్టింగ్‌ను బట్టి మారుతుంది. ఇక్కడ 12/03 అంటే మార్చి 12. అమెరికా పద్ధతిలో ఉన్న ఫోన్‌లో అదే తేదీ 3/12 అని పడుతుంది, చూసినవాళ్ళు డిసెంబరు 3 అనుకుంటారు. తేదీ తీరు ఏదో నోట్‌లో ఒక ముక్క రాస్తే గొడవ ఉండదు. ఫోన్‌లోకి దిగని ఫోటోలు ఎక్స్‌పోర్ట్‌లోకి రావు. ముందు చాట్‌ను పైకి జరుపుకుంటూ వెళ్ళి, మసకగా ఉన్న ఫోటోలన్నీ డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఫోటోలతో కలిపి తీస్తే ఇటీవలి 10,000 మెసేజ్‌ల వరకే వస్తాయి, లేకుండా తీస్తే 40,000 వరకు. ఒక రోగితో అన్ని మెసేజ్‌లు అరుదే, కానీ పెద్ద ఫోటోలు ఎక్కువైతే ఫైల్ ముందే ఇబ్బంది పెడుతుంది. అందుకే అయిదేళ్ళకు ఒకసారి కాక, ఏడాదికోసారి గానీ చికిత్స ఒక దశ ముగిసినప్పుడు గానీ తీసుకోవడం మేలు. `Export chat` అసలు పని చేయకపోతే, 2025లో వాట్సాప్ తెచ్చిన `Advanced chat privacy` అనే సెట్టింగ్ ఆ చాట్‌లో ఆన్ అయి ఉందేమో చూడాలి. అది ఉంటే ఎక్స్‌పోర్ట్ ఆగిపోతుంది. రోగి ఆన్ చేసి ఉంటే ఆయనతో మాట్లాడి, ఎందుకు అవసరమో చెప్పాలి.

అసలు ప్రమాదం ఆ తరువాతి క్షణంలో ఉంది. `Include media` నొక్కగానే ఎక్కడికి పంపాలో అడుగుతూ ఒక పట్టీ వస్తుంది. అందులో ముందు వరుసలో కనిపించేవి మీరు ఇటీవల మాట్లాడినవాళ్ళ ముఖాలు, ఇంటి గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు. వేలు ఒక్క అంగుళం జరిగితే ఒక మనిషి గుండె జబ్బు చరిత్ర మొత్తం పక్కింటివాళ్ళ ఫోన్లలో ఉంటుంది. వాట్సాప్‌లో ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉందన్న ధీమా ఇక్కడ పనికిరాదు. అది మెసేజ్ దారిలో ఉన్నప్పటి రక్షణ. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్ ఎవరైనా తెరిచి చదివే మామూలు టెక్స్ట్. ఓపీ రద్దీలో, ఒక చేత్తో, నడుస్తూ చేసే పని కాదు ఇది. ఫోన్‌లోని ఫైల్స్ యాప్‌కు గానీ, క్లినిక్ కంప్యూటర్‌కు నేరుగా గానీ పంపాలి. ఫోన్‌కూ కంప్యూటర్‌కూ మధ్య కేబుల్ ఉంటే మరీ మంచిది. చాట్‌ను అందమైన పీడీఎఫ్‌గా మార్చి ఇస్తామనే ఉచిత వెబ్‌సైట్‌లకు మాత్రం ఎక్కించకండి. ఆ సర్వర్ ఎవరిదో, ఫైల్ అక్కడ ఎన్నాళ్ళు ఉంటుందో మీ చేతిలో లేదు.

కంప్యూటర్‌లోకి చేరాక ఫైల్ తెరిచి చూడాలి. మొదటి తేదీ చాట్ మొదలైన తేదీయేనా, చివరి మెసేజ్ ఫోన్‌లో ఉన్నదేనా, టెక్స్ట్‌లో పేరు ఉన్న ప్రతి ఫోటో ఫోల్డర్‌లో ఉందా, వాయిస్ మోగుతోందా అన్నవి చూస్తే సరిపోతుంది. తెలుగు అక్షరాలు పిచ్చి గుర్తుల్లా కనిపిస్తే ఫైల్ చెడిపోయిందనుకోవద్దు. దాన్ని యూటీఎఫ్-8గా తెరవాలి, అంతే. ఏం చేసినా ఫైల్‌లో ఒక్క అక్షరం కూడా దిద్దకూడదు. పండగ శుభాకాంక్షలు తీసేద్దామనిపించినా వదిలేయాలి.

దిద్దలేదని రేపు ఎలా చూపిస్తారు? టెక్స్ట్ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో ఎవరైనా మార్చగలరు. ఇందుకు హ్యాష్ అనే పద్ధతి ఉంది. ఫైల్ లోపలి సమాచారాన్ని లెక్కగట్టి కంప్యూటర్ ఒక పొడవాటి సంఖ్య ఇస్తుంది. ఫైల్‌లో ఒక కామా మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఫైల్ ఉన్న ఫోల్డర్‌లో ఇది కొట్టాలి:

```
certutil -hashfile chat-2025.zip SHA256
```

వచ్చిన 64 అక్షరాల వరుసను, తేదీని, ఎక్స్‌పోర్ట్ చేసినవారి పేరును కేస్ షీట్‌లో రాయించాలి. ఇది ఉత్త జాగ్రత్త కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టుకు ఇచ్చేటప్పుడు ఒక సర్టిఫికెట్ జత చేయాలి. ఆ నమూనాలో హ్యాష్ విలువకు చోటు ఉంది. ఒక భాగం రికార్డు ఇచ్చేవారు, మరో భాగం నిపుణుడు పూర్తి చేయాలి. ఎక్స్‌పోర్ట్ చేసిన రోజే హ్యాష్ రాసిపెట్టినవారికి అప్పుడు పని తేలిక. స్క్రీన్‌షాట్‌లకు ఇంత బలం లేదు. ముందువెనకలు కత్తిరించారన్న వాదన తేలిగ్గా వస్తుంది.

హ్యాష్ మార్పును పట్టిస్తుంది కానీ రహస్యాన్ని కాపాడదు. దానికి తాళం వేరే కావాలి. 7-జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫోల్డర్‌ను 7z రూపంలో కుదించి, పాస్‌వర్డ్ పెట్టి, `Encrypt file names` అన్న గడిలో టిక్ పెడితే ఏఈఎస్-256 తాళం పడుతుంది. టిక్ పెట్టకపోతే లోపలి ఫైళ్ళ పేర్లు బయటికి కనిపిస్తాయి. ఫైల్ పేరులో రోగి పేరు, జబ్బు పేరు ఉండకూడదు, కేస్ షీట్ నంబరు చాలు. పాస్‌వర్డ్ డాక్టరుతో పాటు బాధ్యత గల మరొకరికి తెలిసి ఉండాలి. దాన్ని అదే కంప్యూటర్‌కు అంటించిన కాగితం మీద రాయకూడదు. ఒక కాపీ కంప్యూటర్‌లో, మరొకటి తాళం వేసిన బీరువాలోని హార్డ్ డిస్క్‌లో ఉంచుకుంటే ఒకటి పాడైనా మరొకటి ఉంటుంది. ఈ పని పూర్తయి, కాపీ తెరుచుకుంటోందని చూసుకున్నాక, ఫోన్‌లోని డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో మిగిలిన తాళం లేని ఫైల్‌ను, గ్యాలరీలోకి చేరిన రిపోర్టు ఫోటోలను తీసేయాలి. వాట్సాప్‌లో మీడియా విజిబిలిటీ ఆపేస్తే ఆ ఫోటోలు ఇకపై గ్యాలరీలోకి రావు. లేకపోతే డాక్టరుగారి పిల్లల పుట్టినరోజు ఫోటోల మధ్య రోగుల పుండ్ల ఫోటోలు గూగుల్ ఫోటోస్‌లోకి ఎక్కుతూనే ఉంటాయి.

ఎన్నాళ్ళు దాచాలి? టెలిమెడిసిన్ మార్గదర్శకాలు నిబంధనలు చెప్పినంత కాలం అని మాత్రమే అన్నాయి. 2002 నాటి వైద్య నైతిక నియమావళి ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులకు, చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్ళు అంది. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు 2 ఏళ్ళు, తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించవచ్చు. వీటిని కలిపి చూస్తే, చివరి సంభాషణ నుంచి కనీసం 3 ఏళ్ళు, పిల్లల విషయంలో వాళ్ళు మేజర్లయ్యాక మరికొన్నేళ్ళు ఉంచడం క్షేమమని నా ఉద్దేశం. మన వాల్వ్ రోగి లాంటివారికి మందు ఉన్నంతకాలం రికార్డు ఉండాలి. ఫిర్యాదు గానీ కేసు గానీ ఉంటే అది తేలేదాకా ఏదీ తీయకూడదు. అలాగని అన్నీ శాశ్వతంగా దాచడం కూడా సరికాదు. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది, 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. దశలవారీగా అమలవుతున్న ఆ చట్టం, అవసరం తీరాక, మరే చట్టమూ ఉంచమననప్పుడు సమాచారాన్ని తీసేయమంటుంది.

రోగులకు కూడా రెండు మాటలు. 2002 నియమావళి ప్రకారం మీ వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. లిఖితపూర్వకంగా అడగండి, అడిగినట్టు రసీదు తీసుకోండి. మీ ఫోన్‌లోని చాట్‌ను పైన చెప్పిన తీరులోనే మీరూ ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. ప్రింటు కోసం మనవాళ్ళు చేసే పని, బజారులో జిరాక్స్ షాపు గోడ మీద రాసి ఉన్న నంబరుకు రిపోర్టులన్నీ వాట్సాప్ చేయడం. అక్కడి కంప్యూటర్‌లో ఊరందరి ఆధార్ కార్డులతో పాటు మీ చాట్ కూడా డౌన్‌లోడ్స్‌లో ఉండిపోతుంది. తప్పనిసరైతే కావలసిన ఒక్క పేజీనే పంపి, ప్రింటు చేతికొచ్చాక మీ ఎదురుగానే తీయించండి. అంతకన్నా మంచిది, మోతాదు మారినప్పుడల్లా “సార్, ఈ మార్పు కాగితం మీద రాసివ్వండి” అని తరువాతి విజిట్‌లో అడగడం. ఆ కాగితంలో చివరి ఐఎన్‌ఆర్, ఇప్పటి మోతాదు, అది ఎప్పుడు ఎందుకు మారింది అన్న మూడూ ఉండి, అది రోగి జేబులో ఉంటే, అర్ధరాత్రి తెలియని ఊళ్ళో అత్యవసర విభాగంలో ఉన్న డాక్టరు మీ అబ్బాయి ఫోన్‌లో పాత మెసేజ్‌లు వెతికించకుండానే వైద్యం మొదలుపెట్టగలుగుతారు.